తెర ముందు కూర్చున్నది ఎవరు

ఆ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి రెండో అంతస్తు చివర ఒక చిన్న గది ఉంది. అందులో పెద్ద తెర, రెండు కుర్చీలు, రెండు ఫోన్లు, గోడకు అంటించిన ఒక కాగితం. దూరప్రాంతాల రోగులను డాక్టరమ్మ ఆ తెర మీదే చూస్తుంది. పక్క కుర్చీలో కూర్చునేది ఒక నర్సు. వయసు యాభై రెండు. ఇరవై ఆరేళ్లు వార్డులో నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నాక ఆమెను ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. రూపాయి తక్కువ కాకుండా జీతమిచ్చి టీవీ చూడమన్నారని ఇంట్లో అత్తగారు ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

గోడ మీది కాగితం రాసింది ఆ నర్సే. డాక్టరమ్మ దిద్దింది. డాక్టరు తెర మీదికి రాకముందే జరగాల్సిన తంతు అంతా అందులో ఉంది. కార్డు మీది ఫొటోతో ముఖం పోల్చడం. పేరు, పుట్టిన తేదీ రోగి నోటితోనే చెప్పించడం. ఈ క్షణాన ఎక్కడున్నారో తలుపు నంబరుతో సహా రాసుకోవడం, ఎందుకంటే ప్రాణం మీదికొచ్చినప్పుడు అంబులెన్సు పాత చిరునామాకు వెళ్తే ఏం లాభం? లైను తెగితే ఏ నంబరుకు చేయాలి, దగ్గరివాళ్లెవరు, గదిలో ఇంకెవరైనా ఉన్నారా, ఎవరూ రికార్డు చేయడం లేదు కదా, ఇలా మాట్లాడటం రోగికి ఇష్టమేనా. ఇవన్నీ అయ్యాకే వైద్యం. అలవాటుగా మారే నిద్రమాత్రలు తెర మీది మొదటి చూపులో రాయరు. కొన్ని మందులకు రక్తపరీక్ష చూడందే చీటీ కదలదు.

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆమె. ఇరవయ్యోసారి వచ్చిన రోగిని కూడా కొత్త పెళ్లికొడుకుని అడిగినట్టు అన్నీ అడుగుతుంది. అందుకే విభాగంలో ఆమెకు ‘తనిఖీ సిస్టర్’ అని పేరు పడింది. రోగులు విసుక్కునేవారు. పెద్ద డాక్టరుగారైతే, పాత రోగులకు ఆ ప్రశ్నలు తీసేస్తే రోజుకు నలుగురిని ఎక్కువ చూడొచ్చని ఒక నోటు పంపాడు. ఆమె ఆ నోటు చదివి, సంతకం పెట్టి, మడిచి సొరుగులో పెట్టి, మర్నాటి నుంచి యథాప్రకారం అడిగింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకమని పెద్ద డాక్టరుగారు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ మూడు కాళ్ల కుందేలంటే గౌరవం. ఎందుకో చెబుతాను.

రెండేళ్లుగా వస్తున్న రోగి ఒకామె, బట్టలు కుట్టే ఆవిడ, మూడు గంటల దూరంలో ఉంటుంది. ఒకప్పుడు నెలల తరబడి పట్టలేని ఉత్సాహం, ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగలేని దిగులు ఉండేవి. లిథియం మాత్రలతో కుదుటపడింది. ఆ మందు మంచిదే, కానీ గీత దాటనివ్వకూడదు. ఒంట్లో నీరు తగ్గినా, మూత్రపిండాలు మొరాయించినా రక్తంలో పెరిగిపోయి విషమవుతుంది. అందుకే ఆమెకు మూడు నెలలకోసారి రక్తపరీక్ష. నేను చెప్పబోయే రోజుకు చివరి పరీక్ష రెండు నెలల కిందటిది, అంకె సరిగ్గానే ఉంది.

ఆ మధ్యాహ్నం తెర మీదికి వచ్చిన మనిషి కార్డు చూపించింది, పేరు చెప్పింది, పుట్టిన తేదీ తడబడకుండా చెప్పింది. ఫొటోకు, ముఖానికి తేడా కనిపించలేదు. ఎక్కడున్నారంటే, మా అక్క కొత్తగా తీసుకున్న ఇంట్లో అని, మెడికల్ షాపు పైన రెండో వాటా అని చెప్పింది. నర్సు ఆ చిరునామా రాసుకుంది. గదిలో ఎవరూ లేరంది. అన్నీ సరిపోయాయి కాబట్టి డాక్టరమ్మ మాట కలిపింది. నిద్ర బాగుందా, తిండి ఎలా ఉంది, పని జరుగుతోందా అని అడిగితే, అన్నిటికీ బాగుంది, బాగుంది. మాత్రలు రోజూ వేసుకుంటున్నానంది. చివరగా, లిథియం వాడేవాళ్లందరినీ అడిగినట్టే, చేతులు చాపి చూపించమంది.

ఆమె చేతులు చాపింది. అవి బల్ల మీది గాజుల్లా కదలకుండా ఉన్నాయి.

నర్సు ఫైలు తిప్పింది. రెండేళ్లలో ప్రతిసారీ ‘వేళ్లలో సన్నని వణుకు’ అని తన చేత్తోనే రాసి ఉంది. ఆ మందుతో చాలామందికి అది ఉంటుంది, ఈమెకు ఎప్పుడూ ఉంది. సూదిలో దారం ఎక్కించడానికి ఎంత అవస్థో ప్రతిసారీ చెప్పుకునేది. మందు మానేసిందా? మానేస్తే వణుకు పోవచ్చు. కానీ మాత్రలు రోజూ వేసుకుంటున్నానని ఇప్పుడేగా చెప్పింది. డాక్టరమ్మ అప్పటికే చీటీ మీద నెల రోజుల మందు రాయడం మొదలుపెట్టింది. నర్సు మైకు ఆపింది.

“మేడమ్, సంతకం ఆపండి.”

“ఏమైంది సిస్టర్? ఆమేగా. రెండేళ్లుగా చూస్తున్నాను.”

“ముఖం ఆమెదే అనుకున్నాను నేను కూడా. చేతులు మాత్రం మనకు తెలిసినవి కావు.”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. అనుమానం వస్తే ఎవరైనా సరే సంభాషణ ఆపొచ్చని ఆ కాగితంలోనే ఉంది. అలాంటప్పుడు ఫైలులో లేని విషయం ఒకటి, పోయినసారి మాటల్లోది, అడగాలని కూడా అందులో ఉంది. నర్సు మైకు తెరిచి మామూలుగానే అడిగింది. పోయినసారి అంతా అయిపోయాక మీరు నాకొకటి చూపించారు, అదేంటో గుర్తుందా అని.

పాత మందుల చీటీ అంది తెర మీది మనిషి. చిన్నపిల్ల గౌనుకు రహస్యంగా కుట్టిన జేబులు ఆ రోజు నర్సుకు చూపించింది కుట్టుపనావిడ. ఈమెకు అది తెలిసే దారి లేదు.

“కోప్పడను,” అంది నర్సు. “మీరెవరో చెప్పండి చాలు.”

ఆమె ఏడ్చేసింది. తాను అక్కనని, ఏడాదిన్నర పెద్దనని, చిన్నప్పటి నుంచి ఇద్దరినీ ఒకరనుకునేవారని చెప్పింది. చెల్లెలు నాలుగు రోజులుగా మంచం దిగడం లేదు. పిలిస్తే పలకడం లేదు. మళ్లీ పాత రోగం తిరగబెట్టిందనుకుంది. రెండే మాత్రలు మిగిలాయి. మనిషి కనబడకపోతే మందు రాయరని తెలుసు, మందు ఆగితే పరిస్థితి చేయి దాటుతుందని భయం. అందుకని తానే కూర్చుంది. ఇది ఇలాంటి రోగులున్న ఇళ్లలోనే జరిగే తప్పు. ప్రేమ ఎక్కువై చేసే తప్పు.

డాక్టరమ్మ ఒక్కో మాటా లాగింది. మొదటి రెండు రోజులూ వాంతులు, విరేచనాలు. చెల్లెలి మోకాళ్ల నొప్పికి కింద షాపులో అడిగి తెచ్చిన నొప్పి మాత్రలు, వారంగా పూటకొకటి. నిన్నటి నుంచి చేతులు మామూలు వణుకు కాదు, గ్లాసు కూడా పట్టలేనంత అదురు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఇంత జరుగుతున్నా అక్క మాత్రం రోజూ లిథియం తప్పకుండా నోట్లో వేస్తూనే ఉంది.

ఇది దిగులు కాదని ఆ గదిలో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నీరు పోయి, నొప్పి మాత్రలు తోడై, మందు రక్తంలో పేరుకుపోయింది. చీటీ మీద సంతకం పడి ఉంటే ఆ అక్క చేత్తోనే మరో నెల విషం పోయించినట్టయ్యేది.

“ఇంకొక్క మాత్ర కూడా వేయొద్దమ్మా,” అంది డాక్టరమ్మ. “ఫోను పట్టుకుని ఆమె దగ్గరికి నడవండి. నేను చూడాలి.”

ఫోను లోపలి గదిలోకి వెళ్లింది. మంచం మీద కుట్టుపనావిడ కళ్లు సగం మూసి ఉంది. పిలిస్తే ఒకసారి చూసింది, మళ్లీ మూసింది. ఈలోగా నర్సు రెండో ఫోనులో అంబులెన్సును పట్టింది. ఫైలులో పాత ఇంటి చిరునామా ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పది నిమిషాల కిందట రాసుకున్నది చదివింది. మెడికల్ షాపు పైన, రెండో వాటా, మెట్లు పక్క సందులోంచి. అవతలివాడు, పిచ్చి కేసా అని అడిగాడు.

“స్పృహ తగ్గుతున్న మనిషి. ఒంట్లో మందు ఎక్కువైంది. మందు పేరు రాసుకోండి. మీకు అంతవరకే కావాలి.”

గోడలకు చెవులుంటాయని ఆమెకు తెలుసు. డాక్టరమ్మ ఆ ఊరికి దగ్గర్లో డయాలసిస్ చేసే రక్తశుద్ధి యంత్రమున్న ఆసుపత్రి డాక్టరుకు ఫోను చేసి, ఏ పరీక్షలు ముందు చేయాలో చెప్పింది. ఆ సమయమంతా నర్సు తెర ముందు నుంచి లేవలేదు. చెల్లెల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టించింది, నోట్లో ఏమీ పోయొద్దంది, రెండు రకాల మాత్రల అట్టలూ సంచిలో వేయించింది, సందు తలుపు తీయించింది. మధ్యమధ్యలో అక్కతో, నేనిక్కడే ఉన్నానని పదేపదే చెప్పింది. ఇరవై రెండో నిమిషానికి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. స్ట్రెచరు గుమ్మం దాటాకే లైను వదిలింది.

సాయంత్రం ఇంట్లో భర్త, ఏంటి ముఖం వెలిగిపోతోంది అని అడిగాడు. ఈ ముప్పై ఏళ్లలో ఆయనకు చెప్పుకోవాలని అంతగా ఎప్పుడూ అనిపించలేదు. కానీ రోగి సంగతి గడప దాటకూడదు. చెప్పుకోలేని గొప్పను కడుపులో పెట్టుకుని తిరగడం ఎంత కష్టమో ఆమెనడగాలి. కూర బాగా కుదిరిందని చెప్పి తప్పించుకుంది.

మర్నాడు పెద్ద డాక్టరుగారు ఆ గదికి వచ్చి, తన నోటు వెనక్కి ఇమ్మని అడిగాడు. సొరుగులోంచి తీసి ఇస్తే, చింపి బుట్టలో వేశాడు. గోడ మీది ఈ కాగితాన్ని ఇలా తెర మీద వైద్యం చేసే మిగతా కేంద్రాలన్నిటికీ పంపుతున్నాను, మార్చాల్సిందేమైనా ఉందా అన్నాడు. ఉందంది. ముఖం దగ్గర తాను మోసపోయింది కదా, ఆ తప్పు కూడా రాయమంది. పాత రోగైనా, పోయినసారి మాటల్లోంచి ఒక ప్రశ్న ఇకపై మొదట్లోనే అడగాలి. ఇంకొక వాక్యం కూడా చేర్పించింది: రోగి తెర దగ్గరికి రాలేకపోతే ఇంటివాళ్లు ధైర్యంగా చెప్పాలి, ఫోనే రోగి దగ్గరికి వెళ్తుంది. అబద్ధమాడిన అక్క మీద ఆమెకు కోపం లేదు. నిజం చెబితే మందు ఆపేస్తారన్న భయం ఇంటివాళ్లలో మిగలనిచ్చిన తమ పద్ధతి మీదే కోపం.

కుట్టుపనావిడకు రెండుసార్లు రక్తశుద్ధి చేశారు. మూత్రపిండాలు తేరుకున్నాయి. లిథియం మార్చి వేరే మందు మొదలుపెట్టారు. ఆరో వారంలో తెర మీదికి వచ్చింది. చిక్కిపోయింది, కానీ కళ్లు తేటగా ఉన్నాయి. పక్కన అక్క తల దించుకుని కూర్చుని ఉంది. అక్క అక్కడ ఉండటం ఇష్టమేనా అని నర్సు అడిగింది. ఇష్టమేనంది.

డాక్టరమ్మ పని ముగించాక కుట్టుపనావిడ ఇంకా లైనులోనే ఉంది. ఆ రోజు సగం మగతలో ఫోనులోంచి మాటలు వినిపించాయంది.

“అక్క మాత్రలు కావాలంది. మీరు మనిషి కావాలన్నారు సిస్టర్. నేనింకా ఉన్నానని అప్పుడు తెలిసింది నాకు.”

నర్సు ఫైలు మూసి పక్కన పెట్టింది. ఇరవై ఆరేళ్ల వార్డులో ఎన్నో దండాలు, ఎన్నో ఆశీర్వాదాలు అందుకుంది. ఏదీ గుండెలో ఇంత చోటు తీసుకోలేదు. డాక్టరమ్మ ఆమె భుజం మీద చేయి వేసి, తర్వాతి రోగిని కాసేపు ఆగమంది.