మా అరుగు మీది పొద్దుటెండ

మా ఊరు శ్రీశైలం డ్యాం నీళ్ళ కింద ఉంది. ఆ ఊరిని నేను కర్నూలులో, ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపు పైన ఉన్న మల్టీమీడియా సెంటర్‌లో మళ్ళీ కట్టించాను. రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతాల మాట. నాకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఒక ప్రైవేటు బళ్ళో డ్రాయింగ్ టీచరుగా చేసేదాన్ని. ఒక్కదాన్నే ఉండేదాన్ని. బడి పిల్లలు సెలవులకు పోతే, నాలుగు రోజుల పాటు నా గొంతు నాకే వినపడేది కాదు.

నాలుగు నిమిషాల బొమ్మల సినిమా ఒకటి తీయాలనుకున్నాను. ఒక పాప పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి, వీధంతా నడిచి, ఏటికి పోయి కడవ ముంచుకుంటుంది. కథ అంతే. పాపను నేను చేత్తో కాగితం మీద గీస్తాను. వెనకాల ఊరు మాత్రం కంప్యూటర్‌లో కావాలి. ఎందుకంటే పాప వెంట మనమూ నడవాలి, మలుపులు తిరగాలి. అన్ని వైపుల నుంచీ అన్ని ఇళ్ళు గీయడానికి నాకు ఇంకో జన్మ కావాలి.

సెంటర్ నడిపే ఆయనకు ముప్పై ఐదేళ్ళుంటాయి. పెళ్ళి వీడియోలకు పూలు, గులాబీ రేకులు ఎగరేయడంలో దిట్ట. ముందు మామూలు త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ప్రయత్నించాడు. ఒక్క బొమ్మ తయారవడానికి అరగంట పట్టింది. సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు కావాలి. మధ్యలో కరెంటు పోతే అప్పుడు చేస్తున్న బొమ్మ పోయినట్టే.

"ఇట్ల కాదు మేడం," అన్నాడొకరోజు. "పిల్లోళ్ళు తుపాకులు పట్టుకోని ఆడే గేముల్లేవా? ఆ గేములు చేసే ఇంజన్‌లో మన ఊరు కడ్తా. అది చూస్తాండంగనే బొమ్మ తయారు చేస్తాది. వెయిటింగే ల్యా."

"మా ఊర్లో తుపాకులు లేవప్పా."

"తీసేస్తాలే మేడం."

కట్టాడు. మొదటిసారి చూపించినప్పుడు మా వీధి నిండా పచ్చిక, దేవదారు చెట్లు. ఇంజన్‌తో పాటు వచ్చిన చెట్లట. "ఎవరి ఊరప్పా ఇది? సిమ్లానా?" అన్నాను. ఆ తర్వాత నెలలపాటు నేను తిట్టడం, ఆయన మార్చడం. దూరం కనపడకుండా మంచు తెర దించాడు, మిషన్‌కు పని తగ్గుతుందని. మా సీమలో కొండ ఇరవై మైళ్ళ నుంచి కనపడుతుంది, మంచేమిటని పోట్లాడాను. చివరికి నల్లమల వరుసను నేనే రంగులతో అట్ట మీద వేసిస్తే, స్కాన్ చేసి ఊరి వెనకాల తెరలా నిలబెట్టాడు. మిద్దెలు, బండల గోడలు, మా ఇంటి ముందు అరుగు, అన్నీ నేను గీసిచ్చిన పటం ప్రకారం వచ్చాయి.

ఇంకో చిక్కు వచ్చింది. తెర మీద పోతున్నదాన్ని అట్లాగే రికార్డు చేస్తే, మిషన్ తడబడిన చోటల్లా బొమ్మలు ఎగిరిపోయేవి. నా పాప కాళ్ళు నేల మీద జారేవి. అప్పుడాయన ఇంజన్ గడియారాన్ని బిగించాడు. ఒక బొమ్మ డిస్కులో పడేదాకా లోపలి కాలం కదలదు. పడ్డాక సెకనులో ఇరవై ఐదో వంతు ముందుకు పోతుంది. బయట ఎంతసేపు పట్టినా లోపల లెక్క తప్పదు. ఆ సదుపాయం నా జీవితంలో ఎక్కడా లేదు.

ఆ బొమ్మలను ప్రింటు తీసుకుని, అడుగున లైటు ఉన్న అద్దం బల్ల మీద పెట్టి, పైన కాగితం వేసి పాపను గీసేదాన్ని. రెండు బొమ్మలకు ఒక కాగితం చొప్పున. ఏటికి నడిచే ఒక్క షాట్‌కే మూడు వందల పైచిలుకు కాగితాలు. ఎండ ఎడమ చెంప మీద, నీడ కుడి చెంప మీద.

ఆ ఊరు సరిగ్గా ఉందో లేదో చెప్పగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. మా అక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. బద్వేలులో ఉంటుంది. ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు. ఆమె కూతురి పెళ్ళిలో మా బావను నలుగురిలో ఒక మాట అన్నాను. అన్న మాట నిజమే. అందుకే అక్క క్షమించలేదు.

ఏదో పెళ్ళికి కర్నూలు వచ్చిందని తెలిసి సత్రానికి పోయాను. "ఒక గంట రాక్కా. మన ఇల్లు చూపిస్తా."

"నీళ్ళల్లో ఉండే ఇల్లు ఏం చూపిస్తావు మే?"

అయినా సెంటర్‌కు వచ్చింది. కుర్చీలో కూర్చుని, చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆయన మీట నొక్కాడు. వీధి కదిలింది. మూడు ఇళ్ళు దాటేదాకా అక్క ముందుకు వంగి చూసింది. మా అరుగు రాగానే, "ఆపప్పా," అంది. "ఇది ఏం పొద్దు?"

"పొద్దున్నే అక్కా," అన్నాడాయన.

"మరి అరుగు మీద నీడుండాది?"

"పొద్దున నీడే ఉండేది," అన్నాను.

"నువ్వు ఎనిమిదికి లేస్తాంటివి, నీకేం తెలుసు. నాయన ఆ అరుగు మీదనే ఎండకు కూచోని పండ్లు తోముకుంటాండె."

"అది చలికాలంలో."

"చలికాలంలో పొద్దు పడమట పుడ్తాదా మే?" ఆయన నవ్వు ఆపుకోవడానికి మానిటర్ వెనక్కు పోయాడు. అక్క వదల్లేదు. "ఏటికి పోతాంటే ఎండ నీకు ఏ చెంపకు కొడ్తాండె? కుడి చెంపకు. ఆ పక్క పోగు మెరుస్తాంటే నేను చూసి కుళ్ళుకుంటాంటి. నాకు పోగుల్లేవు గదా అప్పటికి."

నా పటం తెప్పించి చూశాను. ఏటిని కాగితం కిందుగా గీశాను. ఏటికి దిగేవాళ్ళం కాబట్టి ఏరు కిందే ఉంటుంది నాకు, చిన్నప్పటి నుంచీ. కానీ ఏరు మా ఊరికి ఉత్తరం. ఆయన అందరిలాగే కాగితం పైభాగాన్ని ఉత్తరం అనుకున్నాడు. సూర్యుణ్ణి కుడివైపు పెట్టాడు. నిజానికి అది పడమర. నెలల తరబడి మా ఊర్లో పొద్దు పడమట పొడుస్తూ ఉంటే, చూస్తూ కూర్చున్నాను.

"తిప్పనా మేడం?" అన్నాడాయన మెల్లగా. "నాకు ఒక్క నిమిషం పని. మీ కాగితాలే..."

మూడు వందల పైచిలుకు. కెమెరా నడక మారదు కాబట్టి గీతలు పనికొస్తాయి. వేసిన నీడలన్నీ చెరిపి, అవతలి చెంపకు మళ్ళీ వేయాలి. ఎవరు చూస్తారు, ఎవరికి తెలుస్తుంది అని వాదించవచ్చు. వాదించడం నాకు వచ్చినంత ఇంకేదీ రాదు. అక్క నా వైపు చూడకుండా తెర వైపే చూస్తోంది.

"తిప్పప్పా."

సూర్యుడు ఊరి మీదుగా గిర్రున తిరిగాడు. నీడలన్నీ ఇళ్ళ కిందికి ముడుచుకుని అవతలి వైపుకు చాచుకున్నాయి. మా అరుగు మీద ఎండ పడింది.

అక్క వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. తర్వాత, "మనుషులు లేరే," అంది.

"పాప ఒక్కతే, అక్కా. తర్వాత అతికిస్తాం," అన్నాను.

"ఇంత ఎండలో నిలబడుకోనుంటిమి గదా, మన నీడన్నా పడలేదు."

"అది కెమెరా అక్కా," అన్నాడాయన. "దానికి ఒళ్ళుండదు. నీడ పడదు."

సత్రంలో భోజనాల వేళయిందని లేచింది. ఆటో దాకా పోయాను. బావ ఆరోగ్యం అడగాలనుకున్నాను. అడగలేదు. నేను ఉండమంటానేమోనని ఆమె కూడా ఆగలేదు.

నీడలు మార్చడానికి రెండు నెలలు పట్టింది. బడి నుంచి రావడం, రబ్బరు, పెన్సిల్. రబ్బరు పొట్టు అన్నం కంచంలోకి కూడా వచ్చేది. ఒంటరిగా ఉన్నవాళ్ళకు ఇలాంటి పని దొరకడం అదృష్టమని ఎవరైనా అంటే వాళ్ళతో పోట్లాడతాను. అయినా ఆ రెండు నెలలు గడిచాయి.

చివరి షాట్‌లో పాప కడవ దించి అరుగు మీద కూర్చుంటుంది. దాన్ని సేవ్ చేసే ముందు ఆయన్ను అడిగాను. "మనిషి కనపడకుండా నీడ మాత్రం పడేటట్టు చేయొచ్చా?"

"చేయొచ్చు మేడం. బొమ్మను దాచిపెట్టి, నీడ మాత్రం వెయ్యమంటే వేస్తాది. ఎవరిది?"

"పాప కంటే నాలుగేళ్ళు పెద్దదిగా ఒకటి పెట్టు. పక్కన."

సినిమా సీడీ బద్వేలుకు పోస్టులో పంపాను. ఉత్తరం పెట్టలేదు. ఇరవై రోజులకు ఫోనొచ్చింది.

"కడవ పెద్దదయింది," అంది.

"సరే."

"ఆ రెండో నీడ ఎవురిది?"

"నీకు తెలీదా?"



"నేనప్పుడు అంత లావు ల్యా," అని ఫోను పెట్టేసింది.