‘ఫర్వాలేదులేవే’కి జవాబు

ఆ రోజుల్లో నాకు రెండు నోళ్లుండేవి. ఒకటి ఆసుపత్రిలో, ఒకటి ఇంట్లో. బరంపురంలో ఒక కంటి ఆసుపత్రి రిసెప్షన్‌లో కొత్తగా చేరాను. దిగపహండి బస్సు దిగి నేరుగా నా మీదికి అరుస్తూ వచ్చేవాళ్లకి కూడా ‘టికే బసంతు’, కాస్త కూర్చోండి, అని నవ్వుతూ కుర్చీ చూపించేదాన్ని. సాయంత్రం అంకులిలో మా ఇంటి గడప దాటానో లేదో, ఆ నవ్వంతా చెప్పులతో పాటు బయటే ఉండిపోయేది. అమ్మ మంచినీళ్లు ఇమ్మన్నా ‘నాను ఖాళీగా ఉన్నానేటి?’ అని విరుచుకుపడేదాన్ని. (అమ్మ అప్పుడు ఏమీ అనేది కాదు. ఇప్పుడు నా కూతురు నన్ను అంటుంటే మాత్రం తెగ సంబరపడుతుంది.)

కాలేజీలో నా ప్రాణస్నేహితురాలిని మేమంతా రంభమ్మ అనేవాళ్లం. అసలు పేరు అది కాదు. రంభ నుంచి రోజూ బస్సులో వచ్చేది, అందుకని ఆ పేరు. వాళ్ల నాన్న చిలిక సరస్సులో చేపల వేటకి వెళ్లేవాడు. మాది చేప ముట్టని మాస్టార్ల కుటుంబం, ఇంట్లో చేప వాసన వస్తే ప్రళయమే. రంభమ్మ ఎండురొయ్యల వేపుడు డబ్బాలో అడుగున పెట్టి, పైన అన్నం కప్పి తెచ్చేది. లైబ్రరీ వెనక కూర్చుని నేను ఆవురావురుమని తింటుంటే ‘ఒలే, పంతులమ్మా, నెమ్మదే, ముల్లు గుచ్చుకుంటాది’ అనేది. రొయ్యలో ముల్లుండదని కూడా అప్పటికి నాకు తెలియదు. నేను పరీక్ష తప్పినప్పుడు నా పక్కన కూర్చుని ఏడ్చింది అదొక్కతే. అది లేకపోతే నాకు ఇంకెవరూ లేరని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

అలాంటి రంభమ్మకి పెళ్లయింది, కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఒకరోజు కౌంటర్లో కూర్చుని ఫోన్ తెరిస్తే, దాని స్టేటస్‌లో సీమంతం ఫొటోలు! చేతినిండా ఆకుపచ్చ గాజులు, చుట్టూ కాలేజీ వాళ్లు, బుగ్గలకి గంధం. నాకు పిలుపే లేదు. నేనూ ఒక్క మాట అడగలేదు, ఫొటోలకి ఒక్క బొమ్మా పెట్టలేదు. రెండు రోజులు గడిచాక దాని దగ్గర్నుంచే మెసేజి వచ్చింది. ‘ఫర్వాలేదులేవే. ఆస్పత్రి మేడమ్‌లకి రంభ దూరమే గదా. గాజులు తొడిగినోళ్లు బోలెడుమంది వొచ్చేరు.’ చివర ఒక నవ్వు బొమ్మ, ఒక దండం.

ఒళ్లు మండిపోయింది. పిలవనిదీ తనే, దెప్పేదీ తనేనా? ఇంటికొస్తూనే మంచం మీద పడి టకటకా కొట్టాను. ‘అవునే మహారాణీ, పిలవని పేరంటానికి రావడం మాకు అలవాటు లేదు. అంతమంది ఉండగా నేనెందుకులే.’ నేనూ ఒక నవ్వు బొమ్మ తగిలించాను. పంపేలోపు మా మేనత్త గదిలోకి వచ్చింది. రిటైరైన టీచరు. చాటున మేం హెడ్మేస్టరమ్మ అనేవాళ్లం. ఫోన్ చేతిలోంచి లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, కాపీ పట్టిన పరీక్ష పేపరు చూసినట్టు చూసింది. ‘అది నవ్వు బొమ్మెట్టింది, నువ్వూ నవ్వు బొమ్మెట్టేవు. మీ ఇద్దర్లో ఎవరైనా నవ్వుతున్నారేటే?’ అంది.

‘అయితే జవాబే ఇవ్వను. బొటనవేలు బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటా’ అన్నాను.

‘ఊరుకుంటే ఏటవుతాది? నాను రాసింది నిజమే, ఈవిడగారికి నానంటే లెక్కలేదు అనుకుంటాది. చదివేవని నీలం గీతలు చూపిస్తన్నాయి గదా. ముందు టీ తాగు. కోపంలో రాసింది నీకే అర్థం కాదు.’

టీ తాగి ఇంకోటి రాశాను. ఈసారి రెండు పేజీలు. కాలేజీ నుంచి మొదలెట్టి, ‘నువ్వెప్పుడూ ఇంతే’ మీదుగా, ‘నువ్వలా అనుకుని ఉంటే సారీ’ దాకా. అత్త ఒక్కో ముక్కా కొట్టేసింది. ‘ఎప్పుడూ అన్నావంటే పాత తగువులన్నీ లేస్తాయి, తియ్యి. అనుకుని ఉంటే సారీ అంటే తప్పు దానిదే అన్నట్టు, అదీ తియ్యి. ఇంతకీ అది ఎందుకలా రాసింది? నువ్వు రాలేదని గదా. రాకపోతే బాధపడే మనిషి నీకు శత్రువేటే, పిచ్చిదానా? అది సూటిగా అడగలేకపోయింది. నువ్వు సూటిగా అడుగు.’

‘నన్ను పిలవలేదు అని రాయనా మరి?’

‘పిలిచిందో లేదో నీకేటి తెలుసు? పిలుపు అందలేదు, అది నీకు తెలుసు. తెలిసిందే రాయి.’

అలా చివరికి మిగిలింది ఇది: ‘నీ మెసేజి చదివేనే. నీ మనసు కష్టపడినట్టుంది. నీ సీమంతానికి రావాలని నాకు చాలా ఉండేది. పిలుపు మా ఇంటికి అందలేదు. ఫొటోలు చూసి నేనూ బాధపడ్డాను. ఏటైందో చెప్పు. ఇప్పుడు ఫోన్ చెయ్యనా?’ బొమ్మల్లేవు, ఎత్తిపొడుపుల్లేవు. చీర లేకుండా వీధిలోకి వెళ్లినట్టనిపించింది. కళ్లు మూసుకుని పంపేశాను.

అవతల రాస్తున్నట్టు కనబడింది, ఆగిపోయింది, మళ్లీ కనబడింది. అంతలో ఫోనే మోగింది.

‘ఒలే! పిలుపు అందకపోడవేటే? మా వొదిన మీ ఇంటికొచ్చింది గదా! ఎవులూ లేరని తలుపుకి బొట్టెట్టి, గడప మీద అచ్చింతలేసి వొచ్చింది. నా సీమంతానికి నానే పిలుసుకోకూడదంటాది మాయమ్మ, అందుకే ఫోన్ సెయ్యనేదు. నువ్వు రానేదని గాజులేయించుకుంటా ఏడిసేనే!’

నేను కేక పెట్టాను. ‘అమ్మా, మన తలుపుకి బొట్టు చూశావా?’ అమ్మ చూడలేదు. మేడ మీద ఉండే ఇంటి ఓనరు మావుసి, అంటే పిన్ని, మాత్రం నా కేక విని మెట్ల మీదే ఆగి అసలు సంగతి బయటపెట్టింది. ఆవిడ భంజనగర్ వైపు మనిషి. మాతో ఒడియాలోనే మాట్లాడేది. రంభమ్మ వదిన వచ్చివెళ్లిన మధ్యాహ్నం మా గడప మీద పసుపు బియ్యం, తలుపుకి ఎర్రబొట్టు చూసి, ఎవరో గుణిగారెడి, అంటే చేతబడి, చేశారని హడలిపోయిందట! పేడనీళ్లు తెచ్చి మూడుసార్లు కడిగి, మేం భయపడతామని నోరు మెదపలేదట. పాపం, రెండ్రోజులు మా కోసం ఉపవాసం కూడా ఉంది.

ఫోన్లో ఇదంతా విని రంభమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆదివారం గాజులు కొనుక్కుని మొదటి బస్సుకే రంభ వెళ్లాను. వాకిట్లోనే చెయ్యి చాపి ‘తొడుగు, ఆస్పత్రి మేడమ్’ అంది. చేతికి ఖాళీ లేదు. పాత గాజులు పైకి నెట్టి నావి తొడిగాను.

కడుపులో ఉన్న ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. అత్త పోయింది. అందరికీ సుద్దులు చెప్పే వయసు నాకు వచ్చింది కాబట్టి, బుద్ధి కూడా వచ్చిందనే అనుకున్నాను. మొన్న రంభమ్మ బరంపురం వచ్చి, మా ఇంటికి రాకుండా వెళ్లిపోయిందని తెలిసింది. ‘ఫర్వాలేదులేవే, అంకులి దూరమే గదా’ అని కొట్టి, నవ్వు బొమ్మ పెట్టి మరీ పంపాను. కాసేపటికి జవాబొచ్చింది. ‘నీ మెసేజి సదివేనే. నీ మనసు కష్టపడినట్టుంది. అమ్మకి బాగోక ఆస్పత్రికి తెచ్చేను, సెప్పనేకపోయేను. ఇప్పుడు ఫోన్ సెయ్యనా?’

అత్త మాటలే. ఇన్నేళ్లూ దాని దగ్గర భద్రంగా ఉన్నాయి. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. అది చేసేలోపే నేనే ఫోన్ చేశాను.