మూడో నంబరు బోర్డు గ్రాఫులు

ఆ బడి ఫిజిక్స్ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా ప్రయోగాల సర్క్యూట్ బోర్డులు సర్దే అటెండరును పిల్లలు మీటర్ అంకుల్ అంటారు. పిలవడానికి కాదు, చాటుగా చెప్పుకోవడానికి. భార్య పోయాక ఇంట్లో ఆయన్ని ఏ పేరుతోనూ పిలిచేవాళ్లు లేరు.

వచ్చే ఏడాది నుంచి ప్రయోగాలన్నీ కంప్యూటర్ తెరమీదే. బోర్డులు పెట్టెలకెక్కుతాయి. ఈలోగా ఒక్క పిల్లయినా డయోడు గ్రాఫు తన చేత్తో తీస్తే చూడాలని ఆయన ఆశ. చిన్నదే, కానీ ఆయనకు మిగిలింది అదొక్కటే.

చివరి క్లాసులో ముప్పై ఒక్క గ్రాఫులు టేబుల్ మీద పడ్డాయి. చూడగానే ఆయనకు ఒళ్లు మండింది. వాటిలో ముప్పైలో సున్నా వోల్టు దగ్గరే అర మిల్లీ ఆంప్ కరెంటు! వోల్టేజి లేకుండా కరెంటు ఎక్కణ్ణుంచి ఊడిపడింది? అది మూడో నంబరు బోర్డు మీటరు ముల్లుకున్న జబ్బు. ఆ బోర్డు తుక్కులోకి పోయి ఆరేళ్లయింది. ఎవరి రికార్డో ఏటా చేతులు మారుతోందన్నమాట.

ముప్పై ఒకటో గ్రాఫు మాత్రం సున్నాలోంచే మొదలైంది. కాకపోతే స్కేలు పెట్టినట్టు తిన్నటి గీత.

"ఇది రెసిస్టర్ గ్రాఫు. డయోడ్‌కి కూడా ఇదే గీశావేంటి?" ఫిజిక్స్ మేడమ్ విసుక్కుంది. "టైమ్ లేదు, పక్కవాళ్లది చూసి రాసుకో."

"నాకు నిజంగా అలాగే వచ్చింది మేడమ్," అంది ఆ గ్రాఫు గీసిన అమ్మాయి, ఏడుపు ఆపుకుంటూ.

క్లాసులో ఏనాడూ నోరు విప్పని అటెండరు విప్పాడు. "పది నిమిషాలు ఇప్పించండి మేడమ్. తను కొలిచే రాసింది."

మేడమ్ గడియారం చూసి తలూపింది.

"నీ గ్రాఫులో ఉన్న మూడు వోల్టులు డయోడు మీద ఎలా నిలుస్తాయి తల్లీ? ముప్పావు వోల్టు దాటకముందే అది తలుపులు తెరిచేస్తుంది. వోల్ట్‌మీటర్ వైర్లు ఎక్కడ పెట్టావో చూడు," అన్నాడాయన.

అమ్మాయి వాటిని డయోడుకు కాపలాగా సిరీస్‌లో ఉన్న రెసిస్టర్ మీద పెట్టింది. నాలిక కరుచుకుని, వైర్లు డయోడు రెండు కొసలకూ మార్చి, నాబ్ మెల్లగా తిప్పింది. పాయింట్ రెండు వోల్టు, పాయింట్ నాలుగు. మిల్లీ అమ్మీటర్ ముల్లు కదల్లేదు. పాయింట్ ఆరు దగ్గర కాస్త కదిలింది. పాయింట్ ఏడు చేరేసరికి ఒక్క ఉదుటున లేచింది. ఒక్కో అంకెనూ గ్రాఫు మీద గుర్తుపెట్టి కలిపింది.

"అంకుల్, చూడండి చూడండి!"

చూశాడు. తిన్నటి గీత పక్కనే, నేలబారున పాకి హఠాత్తుగా పైకి లేచిన వంపు.

గంట కొట్టారు. అమ్మాయి బ్యాగు తగిలించుకుని స్నేహితురాళ్ల వెంట పరుగెత్తింది. ఆయన బోర్డులన్నీ పెట్టెలో సర్ది మూత వేశాడు.

సాయంత్రం ఇంటి తాళం తీస్తూనే, "ఇవాళ ఏమైందో తెలుసా," అన్నాడు పైకే. తర్వాత చెప్పులు విడిచి లైటు వేసుకున్నాడు.