నడిమి గడిలో గుండుసూది

ఆమె దగ్గరికి కొత్త బట్టలు రావు. బిగుతైనవీ, వదులైనవీ, జిప్పు ఊడినవీ, అన్న వేసుకుని తమ్ముడికి దిగినవీ వస్తాయి. మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు, చెవి వెనక సుద్దముక్క. వీధిలో అందరూ ఆమెను కొలతలమ్మ అంటారు. మనిషిని గుమ్మంలో చూడగానే నడుం ఎంతో చెప్పేస్తుంది. అందుకని కొందరు ఊపిరి బిగబట్టుకుని మరీ లోపలికి వస్తారు.

కుట్టుమిషను కిటికీ పక్కన ఉంటుంది. పొద్దున్న తొమ్మిదికి వెలుగు సూదిమొన మీద వాలుతుంది, పదకొండుకి బల్ల మీదికి జారుతుంది, రెండింటికి నేల మీద పడుకుంటుంది. శనివారం నాడు మాత్రం ఆ వెలుగులో బట్టలుండవు. వారపత్రిక పదకేళి ఫోటో ఉంటుంది.

పదకొండేళ్లుగా అదే అలవాటు. పత్రిక వాళ్లింటికి రాదు, వీధి చివర క్షౌరశాలకి వస్తుంది. సిటీబస్సు నడిపే ఆమె భర్త శనివారం గడ్డం గీయించుకోవడానికి వెళ్లి, నురగ మొహంతోనే గళ్ళనీ ఆధారాలనీ ఫోటో తీసి పంపుతాడు. ఆమె జాకెట్టు కొలతలు గీసే పల్చటి కాగితం మీద గళ్ళు గీసుకుని పూరిస్తుంది. తర్వాత ఆ కాగితం మీదే ఎవరి చొక్కా కాలరో కత్తిరిస్తుంది. ఎవరికీ పంపలేదు. పంపితే ఎవరో చూసి నవ్వుతారేమోనని ఒక మూల బెరుకు.

ఆ శనివారం ఫోటో అడుగున చిన్న ప్రకటన ఉంది. ముప్పై ఏళ్లుగా పదకేళి కూరుస్తున్న మాస్టారికి చూపు మందగించిందట. ఈ వారం గళ్ళన్నీ సరిగా పూరించి, కఠినమైన నాలుగు ఆధారాలకి గుట్టు విప్పి, సాయంత్రం ఆరులోగా పంపినవాళ్లలోంచి ఒకరికి ఆయన తన కుర్చీ ఇస్తారట.

ఆమె ఆ ప్రకటనని రెండు వేళ్లతో పెద్దది చేసి చదివింది. మళ్లీ చదివింది. నోట్లో గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమైందమ్మాయ్, సూది మింగావా?" అంది మంచం మీంచి అత్తగారు.

"లేదత్తయ్యా. ఇవాళ పంపుతాను."

"ఏం పంపుతావు, ఎవరికి పంపుతావు? మూడో ఇంటావిడ లంగా ఇవాళే ఇస్తానన్నావు."

"ఆవిడ రేపు లావవుతుందా ఏంటి. రేపిస్తాను."

ఏడు అడ్డం, ఏడు నిలువు. ఒక్కో గడికి ఒక్కో అక్షరం. గుడీ, కొమ్మూ, వత్తూ, సున్నా ఏదొచ్చినా అన్నీ కలిపి ఆ గడిలోనే సర్దుకోవాలి. పై వరసలో మొదటి ఆధారం ఆమెను చూసి కన్ను గీటినట్టే ఉంది.

"కలా కలమూ కలిస్తే గోల (4)."

"నిద్రలో కల వస్తుంది, రాయడానికి కలం. రెండూ పక్కపక్కన పెట్టు, అత్తయ్యా."

"కల... కలం. కలకలం." అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "ఓసి దీని తస్సాదియ్యా. గోలంటే అదేగా."

క, ల, క, లం. పై వరస నాలుగు గళ్ళూ నిండాయి. పక్కన నల్లగడి, దాని తర్వాత రెండే గళ్ళు. ఆధారం: "తల తిరిగితే తీగ (2)." తలని వెనక్కి తిప్పితే లత. తిరిగితే అన్న మాటే తాళంచెవి. కళ్ళు తిరిగే తల కాదది, అక్షరాలు తిరిగే తల.

మూడోది నిలువు. "తల వంగినా లోపల కారమే (3)."

అత్తగారు కళ్ళు చిన్నవి చేసింది. "ఇది నా గురించేనా?"

"మీరెప్పుడు తల వంచారు గానీ." కొలతలమ్మ నవ్వింది. "లోపల అన్నాడు కాబట్టి మాట లోపలే దాక్కుంది. తల వంగినా అని గబగబా అనండి. మొదటి అక్షరమూ చివరి అక్షరమూ వదిలెయ్యండి."

"లవంగి." అత్తగారు నాలుక కొరుక్కుంది. "లవంగి మిరపకాయ. మండిపోదూ మరి."

అలా మధ్యాహ్నానికి వెలుగు బల్ల దిగే వేళకి గళ్ళన్నీ నిండాయి, కింది కుడిమూల తప్ప. అక్కడ కుడి అంచున దిగే నిలువు ఆధారం: "తల మార్చుకున్న చిలక కంట్లో పడింది (3)." చిలకకి తల చి. దాన్ని తీసేసి వేరే తల పెడితే కంట్లో పడేది నలక. కాదనడానికి వీల్లేదు. అంటే కింది వరస చివరి గడిలో క.

ఆ కింది వరస ఆధారం అడ్డం పద్నాలుగు: "మాసానికో సాకు చెప్పి సన్నబడ్డవాడు." ఎన్ని అక్షరాలో పత్రిక మడత మింగేసింది. మింగినా ఫర్వాలేదు, ఆమెకి గుట్టు దొరికింది. మాసం అంటే నెల. సాకు అంటే వంక. రెండూ కలిస్తే ఆకాశంలో సన్నటి నెలవంక. చివరి అక్షరం క కూడా కుదిరింది.

కుదరనిది గళ్ళ లెక్క. నె, ల, వం, క అని నాలుగక్షరాలు. ఫోటోలో అక్కడ ఉన్నవి మూడు గళ్ళు.

ఆమె మళ్లీ లెక్కపెట్టింది. మూడే. మొదటి గడిలో ఉండాల్సిన పద్నాలుగు అంకె కూడా లేదు. దాని ఎడమ పక్కన నల్లగడి, ఆ పక్కన మరో నల్లగడి. పైగా ఆ వరసకి పైన ఒక తెల్లగడి నాలుగు దిక్కులా నలుపుతో ఒంటరిగా కూర్చుంది. ఏ మాటకీ చెందని గడి. అది చాలనట్టు నిలువు పన్నెండు, "ఈగలు కూడబెట్టిన తీపి (2)," అన్నిటికంటే తేలికైన ఆధారం, తేనె అని చంటిపిల్లలు కూడా చెప్పేది, దానికి దిగడానికి చోటే లేదు.

మూడు తప్పులు. ముప్పై ఏళ్ల అనుభవమున్న మాస్టారు మూలలో తూలిపోయాడు.

భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె ఉత్తరం సగం రాసేసింది. "మాస్టారూ, మీరు నాలుగక్షరాల మాటని మూడు గళ్ళలో ఇరికించారు. ఒక గడిని అనాథని చేశారు. తేనెకి తెట్టె కట్టలేదు" అని.

"బాగుంది," అన్నాడతను చదివి. "కుర్చీ ఇస్తానన్న మనిషికి కుర్చీలో కూర్చోవడం రాదని రాశావు."

"తప్పుంటే తప్పనొద్దా? మీరు ఇంకో ఫోటో తెచ్చిపెట్టండి, ఇంకాస్త దగ్గరగా."

"ఎక్కడిది? ఆ పేజీ మంగలాయన పొద్దున్నే చించి కత్తి తుడుచుకున్నాడు. ప్రకటన చూసి నీకోసం కొట్టుకెళ్లి అడిగాను కూడా, పత్రికలు అయిపోయాయట."

"నేనైతే రవిక బిగుతైందని కుట్టినవాణ్ణి తిట్టే ముందు అద్దంలో చూసుకుంటాను," అంది అత్తగారు గోడకి చెబుతున్నట్టు.

కొలతలమ్మ చెయ్యి ఆగింది. టైము నాలుగున్నర.

ఆమె ఎన్నో పదకేళీలు పూరించింది గానీ, నల్లగళ్ళని ఎప్పుడూ చూడలేదు. చీకట్లు ఎవరు చూస్తారు, వెలుగున్న చోటే కదా అక్షరాలు రాసేది. ఇప్పుడు చూసింది. పై వరసలో నల్లగడి అయిదోది, కుడి నుంచి మూడోది. కింది వరసలో ఎడమ నుంచి మూడోది. పైన కుడి మూల ఎలా ఉందో, కింద ఎడమ మూల తలకిందులుగా అలాగే ఉంది. మాస్టారి గళ్ళు సగం తిప్పితే తమ మీద తామే వచ్చి పడతాయా?

ఫోనుని తలకిందులు చేసింది. బొమ్మ బుద్ధిగా తనంతట తనే నిటారుగా లేచింది. మళ్లీ తిప్పింది. మళ్లీ లేచింది.

"అది నీకంటే మొండిది," అన్నాడు భర్త.

ఆమె ఫోను పక్కన పడేసింది. తాను గీసిన గళ్ళ కాగితం బల్ల మీద పరిచి, దాని మీద ఇంకో పల్చటి కాగితం వేసి, గళ్ళ గీతలూ నల్లగళ్ళూ మాత్రం పెన్సిలుతో ఎత్తుకుంది. చొక్కా కుడి భాగం నుంచి ఎడమ భాగం ఎత్తుకున్నట్టే. ఏడులో నాలుగు, ఏడులో నాలుగు: సరిగ్గా నడిమి గడిలో గుండుసూది గుచ్చింది. పై కాగితాన్ని ఆ సూది చుట్టూ మెల్లగా సగం తిప్పింది, పై అంచు కిందికీ కింది అంచు పైకీ వచ్చేదాకా.

నల్లగడి మీద నల్లగడి వాలింది. ఇంకోదాని మీద ఇంకోటి. నీడలు వాటి వాటి ఇళ్ళకి చేరినట్టు ఒక్కొక్కటీ సర్దుకున్నాయి. ఒక్కటి మిగిలింది. కింది వరసలో నాలుగో గడి, తిరిగి వచ్చి పై వరస నాలుగో గడి మీద పడింది. అక్కడ నలుపు లేదు. కలకలంలోని లం ఉంది.

"ఇది నలుపు కాదు," అంది మెల్లగా. "ఏమండీ, ఫోటో ఎలా తీశారు?"

"ఎలా తీస్తాను, ఓ చేత్తో పత్రిక పట్టుకుని." అతను పట్టుకుని చూపించాడు. బొటనవేలు కింది అంచున, మధ్యలో నిలబడింది. దాని నీడ పైకి సాగింది. ఫోను అది కాగితమని గుర్తుపట్టి, స్కాన్ చేసినట్టు మసకని మసకగా ఉంచక, నలుపో తెలుపో తేల్చేసింది.

అత్తగారు కొడుకు బొటనవేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మాస్టారి ముప్పై ఏళ్ల పరువు తీసిన వేలు ఇదేనన్నమాట."

ఆ గడి తెల్లదైతే నెలవంకకి నాలుగో చోటు దొరుకుతుంది. పద్నాలుగు అంకె నీడ కింద ఉండి ఉంటుంది. ఒంటరి గడిలో తే, దాని కింద నె. తేనె తన తెట్టెలో దిగింది. పైన లం నుంచి లంక దిగినట్టే, కింద నె దగ్గర తేనె ఆగింది. ఒక్క గడితో మూడు తప్పులూ పోయాయి, అవి మాస్టారివి కావు గనక.

ఆమె ఉత్తరం చించేసి కొత్తది రాసింది. కలకలం, లవంగి, నలక, నెలవంక: నాలుగింటి గుట్టూ విప్పింది. చివర ఒక వాక్యం కలిపింది: నా ఫోటోలో కింది వరస నాలుగో గడి నల్లగా పడింది, మీ గళ్ళని సగం తిప్పి చూసి తెల్లదని తెలుసుకున్నాను. గళ్ళతో కలిపి ఫోటో తీసి అయిదూ యాభైకి పంపింది. పంపాక చేతులు ఖాళీగా ఉండలేక మూడో ఇంటావిడ లంగా అందుకుంది.

మంగళవారం పగలు ఫోన్ మోగింది. మాస్టారి గొంతు పల్చగా, పాత కాగితంలా ఉంది.

"గళ్ళు తిప్పి చూశానన్నది మీరేనా అమ్మా?"

"నేనేనండీ."

"సరైన జవాబులు చాలామంది పంపారు. చీకటి గళ్ళని చూసినవాళ్లు మీరొక్కరే. పూరించేవాళ్లకి అవి అక్కర్లేదు, కూర్చేవాళ్లకే కావాలి. ఒక పదం ఇస్తాను, ఇప్పటికిప్పుడు దానికి ఆధారం చెప్పండి. సంతకం."

మిషను ఆగింది. అత్తగారు మంచం మీద ఊపిరి బిగబట్టింది, నడుం కొలత ఇవ్వడానికి వచ్చినట్టు. సంతకం. చివరి అక్షరం తీస్తే సంత.

"చివర చెరిపితే మిగిలేది బజారే. ఇది పెడితే ఒప్పుకున్నట్టే. మూడక్షరాలు," అంది.

అవతల నవ్వు వినిపించింది, తడుముకుంటూ వచ్చి చేరినట్టుగా.

"అయితే ఒప్పంద పత్రం పంపిస్తానమ్మా," అన్నాడాయన. "పెట్టండి."