మూడేళ్లు నిండిన కంపెనీ

ఆ ఆసుపత్రుల సంస్థకు కొత్తగా సరుకు సరఫరా చేయదలచినవారు ఎవరైనా మొదట దాటవలసిన గడప రెండో అంతస్తులోని చివరి గదిది. అందులో కూర్చునే పత్రాల పరిశీలకుణ్ణి అందరూ చాటుగా భూతద్దం అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అది తిట్టుగా ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో సరఫరాదారుల చేతి టీ నీళ్లయినా తాగని మనిషి. "పెళ్లికి ముందు మా నాన్నని నా పుట్టినతేదీ కాగితం అడిగిన మహానుభావుడు" అని ఆయన భార్య చుట్టాల్లో చెప్పి నవ్వించేది. నిజమే, అడిగాడు.

ఎవరైనా ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ తెచ్చి బల్ల మీద పెడితే ఆయన దాని బంగారు అంచు చూసి మురిసేవాడు కాదు. అందులోని నమోదు సంఖ్య తీసుకుని, కంపెనీల రిజిస్ట్రారు వెబ్‌సైట్‌లో తానే వెతికేవాడు. పేరు పొల్లుపోకుండా కలవాలి. సంతకం పెట్టబోయే మనిషి డైరెక్టర్ల జాబితాలో ఉండాలి. ఏటేటా పంపవలసిన లెక్కలూ రిటర్నులూ గడువులోగా దాఖలై ఉండాలి. "సర్టిఫికెట్ పుట్టిందని చెబుతుంది గానీ బతికుందని చెప్పదు" అనేది ఆయన మాట.

ఆ సంస్థ నియమాల్లో రెండు ఆయన రాసినవే. మొదటిది: మూడేళ్లు నిండని కంపెనీతో కాంట్రాక్టు కుదుర్చుకోరాదు. రెండోది: పరిశీలనలో తేలిన విషయం కొనుగోళ్ల కమిటీ ముందు పెట్టేదాకా సరఫరాదారుకు చెప్పరాదు. ఈ రెండోదానికి కారణం ఉంది. పదకొండేళ్ల క్రితం ఒక చేతితొడుగుల వ్యాపారికి జాలిపడి లోపం ముందే చెప్పాడు. ఆ పెద్దమనిషి మర్నాటికల్లా దొంగ రసీదు పుట్టించి తెచ్చాడు. పాలు తాగి నోరు కాలి, మజ్జిగ కూడా ఊదుకుని తాగే రకం ఆయన.

ఒక సోమవారం ఆయన బల్ల మీదికి దుప్పట్లావిడ ఫైలు వచ్చింది. పదమూడేళ్లు అదే సంస్థ లాండ్రీలో పనిచేసిన మనిషి. ఏ గుడ్డ ఎన్ని ఉతుకులకు పీలికలవుతుందో చేత్తో తడిమి చెప్పగలదు. ఆ విద్యతోనే ఉద్యోగం మానేసి, ఒక రేకుల షెడ్డులో పన్నెండుమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి దుప్పట్లు కుట్టిస్తోంది. ఆమె నమూనాలు డెబ్బై ఉతుకులకు నిలిచాయి. రెండోస్థానంలో ఉన్న పాత కంపెనీవి నలభైకే నూలు విడిచాయి. గురువారం పదకొండు గంటలకు కమిటీ ముందు సంతకాలు. ఆ కాంట్రాక్టు వస్తే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే మూత.

సర్టిఫికెట్ అసలైనదే. కంపెనీ పుట్టి నాలుగేళ్లు. పేరూ సంఖ్యా కలిశాయి. ఆవిడ డైరెక్టరుగా చేరింది మాత్రం నాలుగు నెలల కిందట. ఆయన కళ్లజోడు సర్దుకుని కిందికి చదివాడు. గడిచిన రెండేళ్ల రిటర్నులు దాఖలు కాలేదు. ఆ పక్కన ప్రస్తుత స్థితి: రిజిస్టరు నుంచి తొలగింపు ప్రక్రియలో ఉంది. అభ్యంతరాలకు ఆఖరి తేదీ వచ్చే వారం బుధవారం.

సంగతి ఆయనకు అరచేతిలో గీతలా కనిపించింది. మూడేళ్ల నియమం దాటడానికి ఆమె ఎవరో ఏజెంటు దగ్గర, నమోదు చేసి ఊరికే అట్టేపెట్టిన పాత కంపెనీని కొనుక్కుంది. అది నేరం కాదు. కానీ పాతవాళ్లు ఎగ్గొట్టిన రిటర్నులు కంపెనీతోపాటే వస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రెండేళ్లూ వ్యాపారమే జరగలేదు గనక రాయవలసింది పెద్దగా లేదు. తెలిసినవాడికి ఒక పూట పని. దాఖలైతే తొలగింపు ఆగుతుంది. దాఖలు కాకపోతే ఆ బుధవారం తర్వాత ఆ పేరుతో కంపెనీ అన్నదే ఉండదు. దానితో చేసుకున్న కాంట్రాక్టు లేని మనిషి చేత వేయించిన వేలిముద్ర.

ఆ సాయంత్రం ఇంట్లో పేరు చెప్పకుండా విషయం చెప్పాడు. భార్య చిక్కుడుకాయలు తుంచుతూ వింది.

"ఒక ఫోను కొడితే మీ సొమ్మేం పోతుంది?"

"ఒకరికి చెబితే అందరికీ చెప్పాలి."

"చెప్పండి అందరికీ. నోరు అరిగిపోతుందా?"

"నియమం ఉంది."

"దేవుడు పెట్టాడా దాన్ని?"

ఆయన మంచినీళ్లకు లేచాడు. మంగళవారం ఫోను కొట్టలేదు. బుధవారం ఆవిడే ఫోను చేసింది. "అన్నగారూ, ఇంకేమైనా కాగితం కావాలా?" అని అడిగింది. ఆయన "రేపు కమిటీలో చెబుతారమ్మా" అన్నాడు.

గురువారం ఆమె ఇస్త్రీ చీరలో, చేతిలో నమూనా దుప్పటితో వచ్చింది. ఆయన తన నివేదికను కామా కూడా వదలకుండా చదివాడు. చదువుతున్నంతసేపూ కాగితం మీదినుంచి చూపు ఎత్తలేదు.

కొనుగోళ్ల మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏమ్మా, నీ కంపెనీ పుట్టిననాటికి నువ్వు మా కింద లాండ్రీలో గంజి పెడుతున్నావు కదా. ఈ బిడ్డను ఎక్కడ కన్నావు?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"మూడేళ్లు నిండాలన్నారు సార్. నిండింది కొనుక్కుంటే చాలని ఏజెంటు అన్నాడు."

"కొనుక్కునేటప్పుడు గుడ్డనైతే వెలుతురుకి పెట్టి చూస్తావు. కంపెనీని చూడలేదా? అది ఆఖరి ఊపిరి మీదుంది. శవానికి దుప్పటి కప్పమంటావా మమ్మల్ని?"

ఈసారి అందరూ నవ్వారు. ఆమె నవ్వినవాళ్లను చూడలేదు. భూతద్దం వైపు తిరిగింది.

"అన్నగారూ, ఇది మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"సోమవారమే చెప్పుంటే సరిచేయించగలిగేదాన్నా?"

అబద్ధం ఆయనకు రాదు. "చేయించగలిగేదానివి."

మేనేజరు గడియారం చూసుకుని, పత్రాలు సక్రమమైతే కాంట్రాక్టు రెండోస్థానం కంపెనీకి అని రాయించాడు.

కమిటీ ముగిసింది గనక ఆ నియమం ఇక ఆయన నోటిని కట్టదు. మెట్ల మలుపులో ఆమెను అందుకున్నాడు. దుప్పటి మడత చెదిరితే గోడకు ఆనించి మళ్లీ పెట్టుకుంటోంది.

"ఇంకా నాలుగు పనిదినాలున్నాయమ్మా. ఆ రెండేళ్లవీ దాఖలు చేయిస్తే కంపెనీ నిలుస్తుంది."

"నిలిచి ఏం చేస్తుందండీ?"

"వేరేచోట పనికొస్తుంది."

"పాత కంపెనీ కావాలన్నది మీరొక్కరే. మిగతావాళ్లు గుడ్డ చూసి తీసుకుంటారు. అయితే వాళ్లకి కావలసింది పన్నెండుమంది పని కాదు, ఇద్దరిది." ఆమె దుప్పటిని చంకలో పెట్టుకుంది. "పదిమందికి రేపు చెప్పాలి."

ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"మీమీద కోపం లేదు అన్నగారూ. మీరు లంచానికి చెయ్యి చాపే మనిషైనా బాగుండేది. ఏదో ఒక దారి ఉండేది."

ఆమె కిందికి దిగిపోయింది. వెనక్కి చూడలేదు.

మధ్యాహ్నం రెండోస్థానం కంపెనీ ఫైలు ఆయన బల్ల మీదికి వచ్చింది. మామూలుగా గంట పని. ఆరోజు మూడు గంటలు పట్టింది. పేరు, సంఖ్య, డైరెక్టర్లు, పందొమ్మిదేళ్ల రిటర్నులు ఒక్కొక్కటే తెరిచి చూశాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఒక తప్పు దొరకాలని కోరుకుంటూ వెతికాడు. ఒక తేదీ దాటిందేమో, ఒక సంతకం తక్కువైందేమో అని చూశాడు. ప్రతి ఏడూ గడువుకు వారం ముందే దాఖలైంది.

నివేదిక కాగితంలో రెండు గడులుంటాయి: సక్రమం, సక్రమం కాదు. నలభై ఉతుకులకు నూలు విడిచే దుప్పటికి అందులో గడి లేదు. ఆయన మొదటిదాంట్లో టిక్కు పెట్టి, కింద తేదీ వేసి, సంతకం చేశాడు.