మూడో వంతు లావు

సైబర్ కేఫ్‌కి వచ్చేవాళ్లు ఏం పాడైనా ఒకటే మాట అంటారు: నెట్ పోయింది. కరెంటు పోయినా నెట్టే, కీబోర్డు మీద టీ ఒలికినా నెట్టే, మౌసు తీగ కాలికి చుట్టుకుని ఊడొచ్చినా నెట్టే. పదకొండేళ్లుగా ఏడు సిస్టంల మధ్య ఈ మాట విని విని కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడకి అదే పేరైపోయింది. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ నెట్టక్క. ఇంట్లో అత్తగారు కూడా ఆమె అసలు పేరుతో పిలిచి చాలాకాలమైంది. అత్తగారికి ఆమె "అమ్మాయి", మామగారికీ "అమ్మాయి". ఆయన కోపం వచ్చినప్పుడు మాత్రం "మీ కంప్యూటర్లు" అంటూ బహువచనంలో మాట్లాడతాడు.

ఆ మంగళవారం పొద్దున్న ఆయనకి కోపం కూడా రాలేదు. అందుకే ఆమెకి భయం వేసింది.

మామగారు బోర్డులు రాసే పెయింటరు. నలభై ఏళ్ల చెయ్యి. మందుల షాపు, కళ్లజోళ్ల షాపు, టైర్ల షాపు, వీధి పొడుగునా ఏ బోర్డు కింద చూసినా కుడి మూల ఆయన సంతకం ఉంటుంది. అలాంటి మనిషి కుంచెలన్నీ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, పొడుగు వరసన పేర్చి, బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత వేస్తున్నాడు.

"ఏంటి మామయ్యా, పండగ శుభ్రమా?"

"అయిపోయిందమ్మాయ్. చెయ్యి పోయింది. ఇక వెయ్యను."

"నిన్న రాత్రి నుంచీ ఇదే పాట," అంది అత్తగారు వంటింట్లోంచి. "అన్నం తినే చెయ్యి మాత్రం బాగానే ఉంది."

సంగతి ఏంటంటే, వీధి చివర కొత్తగా పెడుతున్న సన్నబడే కేంద్రానికి బోర్డు ఆయనే వేశాడు. బుధవారం పొద్దున్న తొమ్మిదికి ప్రారంభం. బోర్డులో ఎడమవైపు నడిపే మేడం లావుగా ఉన్నప్పటి మొహం, కింద "అప్పుడు". కుడివైపు సన్నబడ్డాక మొహం, కింద "ఇప్పుడు". ఆ మేడంని మామగారు చూడనే లేదు. మాట్లాడిందీ, ఫోటోలున్న పెన్ డ్రైవ్ ఇచ్చిందీ ఆవిడ భర్త. సోమవారం సాయంత్రం కేంద్రానికి చేరిన బోర్డుని మేడం చూసింది. చూసి, మామగారికి ఫోన్ చేసి ఆపకుండా మాట్లాడింది.

"ఏమంది మామయ్యా?"

"'ఇది నేను సన్నబడ్డాకా? ఈ బోర్డు పెడితే లోపలికి ఎవరూ రారు, ఉన్నవాళ్లు పారిపోతారు' అంది. 'ఇప్పుడు' అని రాసిన బొమ్మ చూసి వాళ్ల మరిదిగారు, 'ఇంకా మొదలుపెట్టలేదా వదినా' అని అడిగాడట."

"మీకు వేసేటప్పుడు అనుమానం రాలేదా?"

"వచ్చింది. సన్నబడ్డాకే ఇలా ఉంటే ముందు ఎలా ఉండేదో పాపం అనుకున్నా. ఆడవాళ్ల ఒళ్లు గురించి నేనెందుకు అడుగుతానమ్మా?"

వంటింట్లో గిన్నె కింద పడింది. అత్తగారు నవ్వు ఆపుకోలేక వదిలేసింది.

"నవ్వు," అన్నాడాయన. "బొగ్గుముక్క ఇలా పట్టుకుంటే గుండ్రం గుండ్రంగా వచ్చేది. ఇప్పుడదీ రాదు." లేచి, ఆ మాట రుజువు చెయ్యడానికి గోడ మీద బొగ్గుతో ఒక్క తిప్పు తిప్పాడు. సున్నా వచ్చింది. కంచం బోర్లించి గీసినట్టుంది.

"గోడ పాడు చెయ్యకు!" అని అరిచింది అత్తగారు.

నెట్టక్క ఆ సున్నాని కళ్లు చిట్లించి చూసింది. అంత పొందికైన సున్నా గీసే చెయ్యి మొహాన్ని మాత్రం ఎందుకు లావు చేస్తుంది? "మామయ్యా, బోర్డు మీద అక్షరాలు ఎలా ఉన్నాయి?"

"అక్షరాలకేం, భేషుగ్గా ఉన్నాయి. వాటిని ఆవిడ కూడా ఏమీ అనలేదు."

"మరి బొమ్మ ఎక్కణ్ణుంచి దించారు?"

"మీ కేఫ్‌లోనే. ఆదివారం. నువ్వు సెలవులో ఉన్నావుగా."

మామగారికి ఒక పద్ధతి ఉంది. ఫోటో కాగితం మీద తీయించడు. కంప్యూటరు తెర నిండా ఫోటో పెట్టించుకుని, దాని మీద బటర్ పేపర్ అతికించి, మెత్తటి పెన్సిల్‌తో గీతలు దించుకుంటాడు. వెనక నుంచి వెలుతురు వస్తుంది కాబట్టి కనురెప్పల దాకా తెలుస్తాయని ఆయన లెక్క. ఇంటికొచ్చి ఆ కాగితం మీద గళ్లు గీసి, బోర్డు మీద అన్నే పెద్ద గళ్లు గీసి, ఏ గడిలో గీత ఆ గడిలో పెంచుతాడు. తెర మీద పెన్సిల్ ఆనిస్తే నీళ్లలో చెయ్యి పెట్టినట్టు రంగులు కదులుతాయి. ఆ రంగులు కదిలినప్పుడల్లా నెట్టక్క గుండె కూడా కదిలేది. ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు.

"ఏ సిస్టం?"

"నాలుగు. స్తంభం పక్కది. మీ ఓనరు బావమరిది కూర్చున్నాడు. అక్షరాలు ఆనట్లేదయ్యా అంటే ఏదో నొక్కి పెద్దవి చేశాడు. మంచి కుర్రాడు. నువ్వెప్పుడైనా చేశావా?"

"మామయ్యా, చొక్కా వేసుకోండి. ఆ బటర్ పేపరూ, పెన్ డ్రైవూ కూడా పట్టుకోండి."

కేఫ్‌లో నాలుగో నంబరు దగ్గర బక్కపల్చటి మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఒకాయన ఉద్యోగం దరఖాస్తులో తన ఫోటో చూసుకుని మురిసిపోతున్నాడు. "అక్కా, ఈ సిస్టంలో నా ఫోటో బాగుంటుంది. నిండుగా ఉంటుంది. నిన్నా ఇదే తీసుకున్నా."

నెట్టక్క వంగి చూసింది. తెర మీద చెత్తబుట్ట బొమ్మ బట్టలుతికే తొట్టిలా వెడల్పుగా ఉంది. ఫోల్డర్లన్నీ దిళ్లలా ఉన్నాయి. నిన్నంతా ఈ స్తంభం వెనక్కి ఆమె తొంగి చూడలేదు. ఎవరూ నెట్ పోయిందని అనలేదు మరి. "మూడుకి మారండి సార్," అంది. ఆయన అయిష్టంగా లేచాడు. మూడో నంబరులో తన ఫోటో తెరుచుకుని, "ఇక్కడ చిక్కిపోయాను," అన్నాడు నీరసంగా.

అంతలో మేడం వచ్చింది. మామగారి కోసం ఇంటికెళితే అత్తగారు ఇటు పంపిందట. తెల్లటి బూట్లు, మెళ్లో ఈల. మనిషి నిజంగానే సన్నగా ఉంది. మామగారు ఆవిణ్ణి చూడటం అదే మొదటిసారి. చూసి బిత్తరపోయాడు.

"మీరా ఆవిడ?"

"నేనే. గుర్తుపట్టలేదు కదూ? మీరు వేసిన బోర్డు చూస్తే మా అమ్మ కూడా గుర్తుపట్టదు. రేపు పొద్దున్న తొమ్మిదికి రిబ్బను. ఏం చేస్తారో చెప్పండి, లేకపోతే వేరేవాళ్లని పిలుచుకుంటా."

మామగారు నేల చూశాడు. "పిలుచుకోండమ్మా. నా చెయ్యి పోయింది."

"ఎవరూ ఎవర్నీ పిలవక్కర్లేదు," అంది నెట్టక్క. "రెండు నిమిషాలు ఆగండి."

పెన్ డ్రైవ్ పెట్టి "ఇప్పుడు" ఫోటో తెర నిండా తెరిచింది. మామగారు బటర్ పేపర్ ఆనించాడు. గీతలకి గీతలు అతికినట్టు సరిపోయాయి. "చూశారా మేడం, దించడంలో తేడా లేదు. తెర మీద ఉన్నదే దించారు."

"ఆ తెర మీదున్నది నేను కాదుగా!"

"అదే చెబుతున్నా."

ఫోటో మూసి, ఖాళీ తెర మీద మౌసు కుడి బటన్ నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచింది. రిజల్యూషన్ అన్నచోట 800 × 600 అని ఉంది. "ఇదిగో మా ఓనరు బావమరిదిగారి నిర్వాకం. ఈ తెర అడ్డంగా వెడల్పైంది. ఆయన పెట్టిన కొలత పాతకాలం టీవీ పెట్టెది. చిన్న దుప్పటిని నాలుగు మూలలా పీకి పెద్ద మంచానికి కట్టినట్టు, ఉన్న బొమ్మని పక్కలకి లాగి తెర నింపింది. అక్షరాలు పెద్దవయ్యాయి, మనుషులు కూడా వెడల్పయ్యారు."

జాబితాలో 1366 × 768 పక్కన రికమెండెడ్ అని ఉంది. దాన్ని నొక్కింది. తెర ఒక్క క్షణం నల్లబడి వెలిగింది. అన్నీ చిన్నవై, సరైన ఆకారానికి వచ్చాయి. మధ్యలో ఒక పెట్టె, ఈ మార్పు ఉంచాలా వద్దా అని అడుగుతూ, పదిహేను నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఏమైంది? ఏమైంది? అక్షరాలన్నీ చీమలైపోయాయి!" మామగారు కంగారుగా మౌసు మీద, అంటే ఆమె చేతి మీద చెయ్యేశాడు.

"వదలండి మామయ్యా, అది లెక్కపెడుతోంది!"

"లెక్కపెడితే ఏమవుతుంది? పేలుతుందా?" అంటూ మేడం రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏమీ పేలదు, ఒప్పుకోకపోతే మళ్లీ పాతదానికే పోతుంది, చెయ్యి..."

పోయింది. చెత్తబుట్ట మళ్లీ తొట్టి అయింది.

"అయ్యో," అన్నాడు మామగారు.

"ఈసారి అందరూ చేతులు కట్టుకోండి," అంది నెట్టక్క. కట్టుకున్నారు. పక్క సిస్టం ఆయన కూడా కట్టుకున్నాడు. ఆమె మళ్లీ అదే కొలత ఎంచుకుని, లెక్క పన్నెండు దగ్గర ఉండగా కీప్ చేంజెస్ నొక్కింది. తర్వాత అదే పేజీలో స్కేల్ అన్నచోట వంద తీసి నూట ఇరవై ఐదు పెట్టింది. "అక్షరాలు పెద్దవి కావాలంటే ఇది మార్చాలి మామయ్యా. బొమ్మ సాగదు."

ఫోటో తెరిచింది. తెర మీద ఈల మేడం సన్నగా, గెడ్డం కిందికి కోసుగా నవ్వుతూ కనిపించింది. మామగారు బటర్ పేపర్ ఆనించాడు. నుదుటి దగ్గర సరిపోయింది, గెడ్డం దగ్గర సరిపోయింది. రెండు చెంపల పక్కన మాత్రం పెన్సిల్ గీతలు గాలిలో తేలుతున్నాయి. జేబులోంచి స్కేలు తీసి కొలిచాడు. కాగితం మీద మొహం ఎనిమిది అంగుళాలు. తెర మీద ఆరు.

"మూడో వంతు ఎక్కువ," అన్నాడు. "నా చెయ్యి కాదు."

"కాదు."

"నా కన్నూ కాదు."

"కాదు మామయ్యా."

ఆయన నిటారుగా లేచి నిలబడ్డాడు. "మేడం, ఇప్పుడే వస్తున్నా. నాలుగు అంగుళాల వెడల్పున్న గడిని మూడు చేస్తే చాలు, కాగితం కూడా మళ్లీ దించక్కర్లేదు. పాత రంగు నిన్నటిది, ఆరింది. చెంపల పక్కన నీలం కొట్టి, లోపల మొహం మళ్లీ వేస్తా. చీకటి పడేలోపు రెండు బొమ్మలూ అయిపోతాయి."

మేడం తెర వైపే చూస్తోంది. నెట్టక్క ఈలోపు "అప్పుడు" ఫోటో కూడా తెరిచింది. సరైన కొలతలో చూస్తే అప్పటి మేడంకీ ఇప్పటి మేడంకీ తేడా ఉంది గానీ, దానికోసం కేంద్రం పెట్టేంత లేదు.

మేడం గొంతు సవరించుకుంది. "రెండూ ఎందుకు? ఎడమది అలాగే ఉంచెయ్యండి."

"అది సాగిన మొహం కదమ్మా!"

"సాగితే సాగింది. అప్పుడు నేను అలాగే ఉన్నట్టు నాకు అనిపించేది."

"అనిపించడం వేరు, బొమ్మ వేరు."

"బోర్డు నాది."

"సంతకం నాది!"

ఇద్దరూ నెట్టక్క వైపు తిరిగారు. ఆమె వినబడనట్టు మౌసు తీగ చుట్టసాగింది. మామగారు చాలాసేపు గెడ్డం గోక్కున్నాడు. చివరికి, "సరే. మీ ఇష్టం," అని వెళ్లిపోయాడు. బిస్కెట్ డబ్బా కోసం ఇంటికి ఎంత వేగంగా నడిచాడంటే, మేడం మెళ్లో ఈల ఎగురుతుండగా వెనక పరిగెత్తాల్సి వచ్చింది.

బుధవారం తొమ్మిదికి రిబ్బను తెగింది. నెట్టక్క కేఫ్‌కి వెళుతూ ఆగి చూసింది. ఎడమవైపు "అప్పుడు" నిండుగా, గుమ్మడిపండులా ఉంది. కుడివైపు "ఇప్పుడు" బోర్డు కింద నిలబడి పూలగుత్తులు అందుకుంటున్న మనిషిలాగే ఉంది. చూసినవాళ్లంతా నోరు తెరిచారు. అప్పటికే నలుగురు పేర్లు రాయించుకున్నారు. మామగారి సంతకం ఎప్పుడూ ఉండే కుడి మూలలో లేదు. "ఇప్పుడు" బొమ్మకి సరిగ్గా గెడ్డం కింద, మామూలుకి రెండింతలు పెద్దగా ఉంది.

"రెండూ మీరే వేశారా పెద్దాయనా?" అని ఎవరో అడిగారు.

"కుడిది నాది," అన్నాడు మామగారు, చేతులు వెనక్కి కట్టుకుని. "ఎడమది నాలుగో నంబరు సిస్టం వేసింది."