రెండు తలుపుల కారు, ఒక పెళ్ళి కవరు

నా కారు ఒక పెళ్ళికి వెళ్ళి, పొలాలకి నీళ్ళు పారే పంటబోదెలో పడింది. దానికి బదులుగా మా ఇంటికి ఒక పట్టుచీర, ఒక పంచెల చాపు, పసుపు రాసిన ఒక కవరు వచ్చాయి. ఇది జరిగి ఏడాది దాటింది. ఆ చీర ఇంతవరకూ మడత విప్పలేదు. విప్పితే చించేస్తానేమోనని నాకే భయం.

నేను తాడేపల్లిగూడెంలో పళ్ళ డాక్టర్ని. వారంలో ఆరు రోజులు పక్కవాళ్ళ నోళ్ళలోకి చూస్తూ బతుకుతాను. మా ఆయన కాలేజీలో పాఠాలు చెబుతారు. ఇంటి అవసరాలకు మాకో చిన్న కారుంది. అది చాలదా అంటే చాలు. కానీ నాకు చదువుకునే రోజుల నుంచీ రెండు తలుపుల స్పోర్ట్స్ కారంటే పిచ్చి. నేలకి ఆనుకుని, ముందు పొడుగాటి బానెట్‌తో, వెనక సీట్లు మొక్కుబడికి ఉండే కారు. పెళ్ళయ్యాక, పిల్లలయ్యాక, క్లినిక్ అప్పు తీరాక, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా నా సంపాదనతో కొనుక్కున్నాను. హైదరాబాదులో ఒక డాక్టరు ఏడేళ్ళు వాడిన కారు. ఆదివారం పొద్దున్నే ఒక్కదాన్నీ ఏలూరు దాకా హైవే మీద వెళ్ళి, అక్కణ్ణించి కైకలూరు రోడ్డెక్కి, కొల్లేటి మధ్యలో కాసేపు ఆగి టీ తాగి వచ్చేదాన్ని. అంతే నా విలాసం. ఆ మూడు గంటలూ నన్ను ఎవరూ ఏమీ అడగరు.

దాన్ని చూడగానే ఎదురింటాయన, మిగతా రెండు తలుపులూ తర్వాత పంపిస్తారాండీ అని అడిగారు. నవ్వాను. అప్పటికి నాకు నవ్వొచ్చేది.

కొన్న మొదటి నెల నుంచే కారు నాకు పాఠాలు చెప్పడం మొదలెట్టింది. తెలంగాణ బండి కాబట్టి అక్కడి నుంచి ఎన్.వో.సి. తెచ్చి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టి, కొత్త నంబరు వేయించుకోవాలి. ఇన్సూరెన్స్ నా పేరు మీదకి మార్చమంటే, పాతాయన ప్రీమియం సగానికి సగం తక్కువెందుకో అప్పుడు తెలిసింది. క్లెయిము చెయ్యనందుకు ఇచ్చే బోనస్ కారుకి కాదట, మనిషికట. ఆయన బోనస్ ఆయనతో వెళ్ళిపోయింది. నా చిన్న కారు మీద ఉన్న బోనస్ అయినా దీనికి వేయండయ్యా అంటే, అది ఆ కారు నడుస్తున్నంతకాలం దానిదేనట. బంపరు విరిగితే పూర్తి డబ్బు వచ్చే పాలసీ ఇంత వయసున్న బండికి ఇవ్వరట, ప్లాస్టిక్ సామాను దేనికైనా సగమేనట. సరే అన్నాను. వెనక టైర్లు విజయవాడకి ఆర్డరు పెడితే తప్ప దొరకవు. సరే అన్నాను. ఆరు రోజులు కదలకుండా ఉంటే బ్యాటరీ చచ్చిపోతుంది, ఛార్జరు కొనుక్కో అన్నారు. కొనుక్కున్నాను. పెట్రోలు సంగతి అడగకండి, ఊళ్ళో తిప్పితే మంచినీళ్ళలా తాగుతుంది. ఇవన్నీ నా సరదాకి నేను కట్టుకునే పన్ను అనుకున్నాను. వీటిలో దేనికీ నాకు కోపం రాలేదు.

కోపం వచ్చింది మా ఆయన స్నేహితుడి కొడుకు పెళ్ళికి.

గణపవరంలో చేపల చెరువులున్న పెద్దమనిషి ఆయన. కొడుకుకి అత్తిలి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకుని ఊరేగించడానికి మా ఎర్రకారు కావాలని ఫోన్ చేశారు. ఎవరికి? మా ఆయనకి. కారు నా పేరు మీదుంది, ఇన్సూరెన్స్ నా పేరు మీదుంది, తాళం నా సంచీలో ఉంటుంది. మా ఆయన దాన్ని నడిపింది రెండుసార్లు, అదీ గేటు లోపలే. అయినా అడగడం ఆయన్నే అడిగారు, ఆయన కూడా "దానికేముందండీ, మీ కారే అనుకోండి" అనేశారు. నాకు చెప్పింది ఆ సాయంత్రం, అన్నం తింటుండగా, పచ్చడి వేసుకుంటూ. మాటిచ్చేశాక కాదంటే బాగోదు కదా అన్నారు. తాళం తీసి ఇచ్చాను.

గోదావరి వాళ్ళ మర్యాద గొప్పదని అందరూ పొగుడుతారు. ఆ మర్యాదకి సామాన్లు ఎవరివి ఖర్చవుతాయో ఎవరూ చెప్పరు.

పెళ్ళిలో మాకు బట్టలు పెట్టారు. నలుగురిలో పీటల మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీరా పంచెల చాపూ చేతికిచ్చి, పైన కవరు పెట్టి, పెట్రోలుకి ఉంచండి అన్నారు. మన వైపు ఎవరి దగ్గరైనా ఏదైనా తీసుకుని వాడుకుంటే ఊరికే తిప్పి పంపరు, అది ఇంటి పరువు. మర్నాడు పొద్దున్న పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ అత్తిలి నుంచి గణపవరం తీసుకొస్తూ పెళ్ళికూతురి అన్న కారు నడిపాడు. గేదె అడ్డం వచ్చిందట, పక్కకి తిప్పాడట. బోదెలో మూతి దిగబడింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎయిర్‌బ్యాగులు రెండూ విచ్చుకున్నాయి. ముందు దీపాలు, రేడియేటరు, చక్రాల్ని పట్టి ఉంచే ఇనుప చేతులు, బంపరు అన్నీ పోయాయి. నేను వెళ్ళేసరికి బానెట్ మీద బంతిపూల దండలు అలాగే ఉన్నాయి. థర్మోకోల్‌తో చేసిన వధూవరుల పేర్లు నీళ్ళలో తేలుతున్నాయి.

ఆ పెద్దమనిషి అక్కడే, గట్టు మీదే, ఖర్చు మేం పెట్టుకుంటామండీ అన్నారు. ఆ మాట నా చెవులతో నేను విన్నాను. నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఆయన చెయ్యి పట్టుకుని, అయ్యో పర్లేదండీ, ఇన్సూరెన్స్ ఉందండీ అన్నారు. అంతే, ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

విజయవాడ వర్క్‌షాపు వాళ్ళిచ్చిన ఎస్టిమేట్ రెండుసార్లు చదివాను. ఒక్క ముందు దీపం ఖరీదు మా చిన్న కారు ఇంజన్ అంత ఉంది. అయినా ధైర్యంగానే ఉన్నాను. నడిపినవాడికి లైసెన్సుంది, పాలసీ నడుస్తోంది, నా అనుమతితో ఇచ్చిన కారే. ప్లాస్టిక్‌కి సగం పోయినా మిగతాది వస్తుంది. కానీ నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపిన సర్వేయరు తీసిన ఫొటోల్లో బంతిపూలు పడ్డాయి. పెళ్ళికి కిరాయికి తిప్పుతున్నారేమోనని కంపెనీకి అనుమానం వచ్చి, విచారణకు ఒకతన్ని పంపింది. అతను మా ఇంటికొచ్చి సార్ ఉన్నారా అని అడిగాడు. నేను అప్పుడు క్లినిక్‌లో ఒకావిడ జ్ఞానదంతం తీస్తున్నాను. సార్ ఉన్నారు. సార్ అతనికి కాఫీ ఇచ్చారు.

కారు మీ స్నేహితులకి ఊరికే ఇచ్చారా అండీ అని అతను అడిగాడట. ఊరికే అన్న మాట దగ్గర మా ఆయనకి పౌరుషం వచ్చింది. తన కోసం కాదు, స్నేహితుడి కోసం. వాళ్ళు ఊరికే వాడుకునే మనుషులు కాదు కదా. "అబ్బే, ఊరికేం కాదండీ. చాలా మర్యాదస్తులండీ. బట్టలు పెట్టారు, కవరు కూడా ఇచ్చారు" అన్నారు. అతను అలాగే రాసుకున్నాడు. మా ఆయన చదివి, కింద చక్కగా సంతకం పెట్టారు. సాయంత్రం నాతో ఆ కుర్రాడు చాలా మంచివాడని కూడా చెప్పారు.

నెల తిరక్కుండా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. సొంత వాడకానికి మాత్రమే ఇచ్చిన పాలసీ అది, వాహనాన్ని ప్రతిఫలం తీసుకుని ఇతరులకు ఇచ్చారు కాబట్టి క్లెయిము చెల్లదు అని. ప్రతిఫలం. పట్టుచీర నాకు ప్రతిఫలం. ఆ రోజు నేను అరిచిన అరుపులకి కింద వాటాలో వాళ్ళు టీవీ ఆపేశారు. మా ఆయన, నేను అబద్ధం చెప్పలేదుగా అన్నారు. నిజమే, అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పమని నేను ఎవరినీ అనలేదు. అడిగినవాడిని క్లినిక్‌కి పంపమంటే పోయేది. బట్టలు పెట్టడం అంటే ఏమిటో నేను చెప్పేదాన్ని.

పోనీ ఉన్నదున్నట్టు అమ్మేద్దామంటే అక్కడ ఇంకో దెబ్బ. పాలసీ కాగితం మీద దాని విలువ చూసి నేను ఏదో అనుకున్నాను. ప్రీమియం ఆ విలువ మీదే కట్టించుకున్నారు మరి. బజారులో ఆ అంకెకి విలువ లేదు. రెండు తలుపుల కారు, అమ్మానాన్నలు ఎక్కలేరు, పెళ్ళాం పిల్లలు పట్టరు, ఇప్పటికే ఇద్దరు ఓనర్లు, పైగా ఎయిర్‌బ్యాగులు పేలిన బండి. బాగు చేయించినా వచ్చే ధర బాగు చేసే ఖర్చు కన్నా తక్కువ అని ముగ్గురు డీలర్లు ఒకే మాట అన్నారు. అంటే క్లెయిము వస్తేనే నాకు కారు ఉంటుంది. లేకపోతే లేదు.

కంపెనీ మీద, ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు, ఇచ్చింది కిరాయి కాదు, శుభకార్యంలో పెట్టే ఆనవాయితీ అని పెళ్ళివారు ఒక ఉత్తరం రాసిస్తే నిలబడొచ్చు, నడిపినబ్బాయి కూడా రాసిస్తే ఇంకా మంచిది అని లాయరు చెప్పారు. పైసా ఖర్చు లేని సాయం. మేమిద్దరం గణపవరం వెళ్ళాం. టిఫినూ కాఫీలూ అయ్యాక నేనే విషయం చెప్పాను. ఆయన నా మాటలన్నీ విని, జవాబు మాత్రం మా ఆయనకి చెప్పారు. కారు మన చుట్టాలదని వియ్యాలవారికి చెప్పుకున్నారట. ఇప్పుడు ఆ అబ్బాయి చేత కాగితం రాయిస్తే, బోదెలో పడేసింది నువ్వేనని ఎత్తి చూపినట్టుంటుందట.

"కొత్త సంబంధం కదండీ. బాగోదండీ."

నేను మా ఆయన వైపు చూశాను. అంత సూటిగా పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదేమో. ఒక్క మాట చాలు నాకు. మా ఆవిడ కారండీ, రాసివ్వండీ అంటే చాలు. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "అవునండీ, బాగోదు" అన్నారు.

నేను ఒక్కదాన్నే ఫిర్యాదు పెట్టాను. ఆనవాయితీ అని నేను రాస్తే, మీ భర్తగారి సంతకం వేరేలా చెబుతోందని అక్కడివాళ్ళు కొట్టేశారు. పోయింది.

వర్క్‌షాపు నుంచి ఇంటికి తెచ్చి పెట్టుకున్న కారుని కొనుక్కుని తీసుకెళ్ళడానికి విజయవాడ నుంచి డీలరు మనిషి ట్రక్కుతో వచ్చాడు. అప్పటికే బేరమాడి తగ్గించిన ధరలోంచి, బ్యాటరీ కూడా చచ్చిపోయిందని మరికొంత తగ్గించమన్నాడు. అరుగు మీద నిలబడి మా ఆయనతోనే మాట్లాడాడు. మా ఆయన పర్లేదులెండి అన్నారు. గొలుసులు కట్టి కారుని పైకి లాగారు. నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. కోపంతో చెవులు వేడెక్కిపోయాయి, ఏడుపు కూడా వచ్చింది, దాచుకోలేదు. అన్నీ అయ్యాక అతను ఫైలు తెరిచి పేరు మార్చే కాగితాలు మా ఆయన ముందు పెట్టాడు. పేరు చూసుకుని నాలుక కరుచుకుని, వాటిని తిప్పి నా దగ్గరికి తెచ్చాడు. ఓనరు మీరేనాండీ, సంతకం మీరే పెట్టాలండీ అన్నాడు.

ఆ కారు గురించి మొదటి నుంచీ చివరి దాకా ఓనరుగా నన్ను అడిగిన మాట అదొక్కటే.